ఫొటోలో పెన్ను: అసలును, నకిలీని పోల్చి చూసే పద్ధతి

7.1 పరిచయం

ఇంకు పెన్నుల కొనుగోళ్లు, అమ్మకాలు ఈ రోజుల్లో ఎక్కువగా ఫోన్‌లోనే జరుగుతున్నాయి. అమ్మేవారు నాలుగైదు ఫొటోలు పంపి, ధర చెప్పి, సాయంత్రంలోగా జవాబు చెప్పమంటారు. పెన్ను మీ చేతికి రాదు, ఫొటోలే వస్తాయి. వాటిని చూసి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం అన్నదే ఈ భాగంలోని విషయం.

మన పాఠానికి మోంట్‌బ్లాంక్ కంపెనీవారి మైస్టర్‌ష్టూక్ వరుసలోని 146 నంబరు పెన్నును తీసుకుందాం. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ప్రపంచంలో ఎక్కువగా నకిలీలు వచ్చే పెన్నుల్లో ఇదొకటి. రెండోది, దీని పాళీ మీద, క్లిప్పు మీద, మూత మీద ఎక్కడికక్కడ ఏదో ఒక రాతో గుర్తో ఉంటుంది కాబట్టి పోల్చడానికి సరుకు దండిగా దొరుకుతుంది. ఇది నేర్చుకున్నాక పార్కర్‌నో షేఫర్‌నో చూడవలసి వచ్చినప్పుడు గుర్తులు మారతాయి గాని పద్ధతి మారదు.

ఒక మాట ముందే స్థిరపరచుకోవాలి. ఫొటో రెండు జవాబులు మాత్రమే ఇవ్వగలదు. 'ఇది ఆ పెన్ను కాదు' అనేది ఒకటి, 'కాదనడానికి ఏమీ కనబడలేదు' అనేది రెండోది. 'ఇది నిశ్చయంగా అసలుదే' అనే మూడో జవాబు ఫొటోలో ఉండదు. అందువల్ల మనం వెతకవలసింది అసలుదనానికి రుజువులను కాదు, పొసగని విషయాలను. పాళీ ఒక మాట, క్లిప్పు ఇంకొక మాట, బాడీ మరొక మాట చెబుతున్నాయా అని చూడాలి.

7.2 పోలికకు ముందు: ఏ నమూనా, ఏ కాలం?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కంపెనీవారి తాజా ఫొటోను ఒక పక్కన, తమకు వచ్చిన ఫొటోను మరో పక్కన పెట్టుకుని, తేడా కనబడగానే నకిలీ అని తేల్చేస్తారు. మైస్టర్‌ష్టూక్ పేరు 1924లో వచ్చింది. ఇప్పుడు మనం చూసే సిగారు ఆకారపు పెద్ద పెన్ను 149 నంబరుది 1952లో వచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో ఆకారం పెద్దగా మారకపోయినా గుర్తులు మారుతూ వచ్చాయి. కాబట్టి పోలికకు పెట్టుకునే అసలు పెన్ను ఫొటో అదే నమూనాదీ, అదే కాలందీ అయి ఉండాలి.

నమూనా నంబరులోనే కొంత సమాచారం ఉంది. 146లో మొదటి అంకె వరుసను, రెండోది ఇంకు నింపే పద్ధతిని, మూడోది పాళీ సైజును చెబుతాయి. 146, 149 రెండూ పిస్టన్ పెన్నులు. వెనక గుబ్బ తిప్పితే లోపలి పిస్టన్ కదిలి, ఇంకు నేరుగా బాడీలోకి ఎక్కుతుంది. బాడీలోనే ఇంకు ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో చూడడానికి, చేత్తో పట్టుకునే భాగానికి కాస్త పైన, పారదర్శకమైన పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఇంకు కిటికీ అందాం. ఈ కిటికీ సంగతి తర్వాత మనకు బాగా ఉపయోగపడుతుంది.

కాలాన్ని పట్టించే గుర్తులు ముఖ్యంగా మూడు. క్లిప్పు మొదట్లో ఉండే ఉంగరం మీద వరుస సంఖ్య చెక్కడం 1990 ప్రాంతంలో మొదలైంది. క్లిప్పు వెనక వైపు, అంటే మూతను ఆనుకుని ఉండే వైపున, 'పిక్స్' అనే మాట 1990ల్లోనే వచ్చింది. జర్మనీ రెండుగా ఉన్న రోజుల్లో తయారైన కొన్ని పెన్నుల ఉంగరం మీద దేశం పేరుకు ముందు పశ్చిమాన్ని సూచించే 'డబ్ల్యు' అక్షరం ఉంటుంది. రెండు జర్మనీలు కలిసింది 1990 అక్టోబరు 3న. ఈ మూడు గుర్తులూ గుర్తుంటే చాలా చిక్కులు విడిపోతాయి. ఉదాహరణకు, ఒకే క్లిప్పు మీద ముందు 'డబ్ల్యు' అక్షరం, వెనక 'పిక్స్' ఉన్నాయనుకోండి. ఆ రెండూ ఒకే కాలానివి కావు. అది నకిలీ అయినా కావాలి, ఎవరో భాగాలు మార్చి కూర్చిందైనా కావాలి.

7.3 ఫొటో ఎలా ఉండాలి

వచ్చిన ఫొటోలు పనికిరానివైతే మొహమాటపడకుండా మళ్లీ అడగండి. నిజంగా అమ్మదలచినవారు విసుక్కోకుండా తీసి పంపుతారు. మసక ఫొటో ఒక్కటి పంపి ఇక ఇంతే అనేవారి దగ్గర కొనకపోవడమే మంచిది.

నల్లటి పెన్నును తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే ఫోన్ కెమెరా తెలుపుకు సర్దుకుని నలుపును మరీ నల్లగా చేస్తుంది. బాడీ మీది గీతలు, అతుకులు ఆ చీకట్లో మాయమవుతాయి. నల్లటి గుడ్డ మీద పెట్టి తీస్తే నలుపును బూడిద రంగుగా చూపి, బంగారు పూతను తెల్లగా పేల్చేస్తుంది. బూడిద రంగు గుడ్డ గానీ పాత అట్టపెట్టె ముక్క గానీ సరిపోతుంది. ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పగటి వెలుగు మేలు.

ఫోన్‌ను పెన్ను మీదికి మరీ దగ్గరగా తీసుకుపోకూడదు. కెమెరాకు దగ్గరగా ఉన్న భాగం ఉబ్బినట్టు, దూరంగా ఉన్న భాగం సన్నబడినట్టు వస్తుంది. మనం చూడబోయేది క్లిప్పు ఆకారం కాబట్టి ఇది పెద్ద దోషమే. ఒక అడుగు దూరం నుంచి తీసి, తర్వాత అవసరమైనంత మేరకు కత్తిరించుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిన్న అక్షరాల అంచులు కరిగిపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి.

చివరిగా, పెన్ను పక్కనే అదే గుడ్డ మీద ఒక రూపాయి నాణెం పెట్టించండి. నాణెం సైజు తెలుసుకోవడానికి కాదు. ఫొటోలో నాణెం గుండ్రంగా కనబడితే కెమెరా నిట్టనిలువుగా పైనుంచి చూసిందని అర్థం. కోలగా కనబడితే పక్కకు వాలిందని అర్థం, ఆ ఫొటోలో కొలతలు నమ్మకూడదు. ఎంత వాలిందో కూడా నాణెమే చెబుతుంది. అది ఎలాగో 7.7లో చూస్తాం.

7.4 పాళీ మీది చెక్కుడు

146 పాళీ మీద కంపెనీ పేరు, 4810 అనే అంకె, బంగారం స్వచ్ఛత గుర్తులు ఉంటాయి. 4810 అంటే ఆల్ప్స్ పర్వతాల్లోని మోంట్‌బ్లాంక్ శిఖరం ఎత్తు, మీటర్లలో. ఇది చాలామందికి తెలుసు కాబట్టి పాళీ మీద 4810 కనబడగానే అసలుదనుకుంటారు. అక్షరాలు ఉండడం దేనికీ రుజువు కాదు. నకిలీ తయారీదారుకు అక్షరాలు వేయడం అన్నిటికంటే చవకైన పని. ఖరీదైనదల్లా ఆ అక్షరాలను శుభ్రంగా వేయడం. కాబట్టి ఏం రాశారన్నది చదివి ఊరుకోకుండా, ఎలా వేశారన్నది చూడాలి.

అసలు పాళీ బంగారు రేకు. దాని మీది చెక్కుడు ఉక్కు అచ్చుతో గట్టిగా నొక్కినది. అందుకని గీతలకు లోతు ఉంటుంది, ఆ లోతు పాళీ అంతటా ఒకేలా ఉంటుంది. పక్క నుంచి వెలుగు పడిన ఫొటోలో ప్రతి గీతకూ ఒక అంచు మెరుస్తుంది, ఎదుటి అంచు నీడగా ఉంటుంది. చవక నకిలీల్లో పాళీ స్టీలుది, పైన పసుపు పూత. చెక్కుడును పైపైన నొక్కడమో, లేజర్‌తో కాల్చడమో చేస్తారు. కాల్చిన గీతకు లోతు ఉండదు. వెలుగు ఎటు నుంచి పడినా అది ఒకే గోధుమ రంగులో, కాగితం మీద అచ్చేసినట్టు కనబడుతుంది. ఇందుకోసమే పాళీకి రెండు ఫొటోలు అడగాలి: ఒకటి వెలుగు ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. రెండింటిలో నీడలు పక్కలు మార్చుకుంటే గీతకు లోతు ఉన్నట్టు.

రెండు రంగుల పాళీల్లో పసుపు బంగారం మీద కొంత భాగానికి రోడియం అనే తెల్లని లోహం పూత వేస్తారు. పసుపు, తెలుపు కలిసే సరిహద్దు సరిగ్గా చెక్కుడు గీత వెంటే నడవాలి. నకిలీలో ఈ సరిహద్దు గీతను దాటి కారినట్టు, లేదా గీతకు చేరకుండానే ఆగినట్టు ఉంటుంది. నా అనుభవంలో చిన్న ఫొటోలో కూడా ముందు దొరికిపోయేది ఇదే. అక్షరాలకు పెట్టిన శ్రద్ధ పూతకు పెట్టరు.

స్వచ్ఛత గుర్తులకు లెక్క ఉంది. మేలిమి బంగారం 24 కారెట్లు. 14ను 24తో భాగిస్తే వెయ్యికి 583 వస్తుంది. పరిశ్రమలో దాన్ని 585గా స్థిరపరచారు. 18ని 24తో భాగిస్తే వెయ్యికి 750. అంటే 14 కారెట్లతో 585, 18 కారెట్లతో 750 జతగా రావాలి. ఒక పాళీ మీద 18, పక్కనే 585 ఉంటే ఇక మిగతా ఫొటోలు చూడనక్కరలేదు. ఏ కాలంలో ఎలా రాసినా లెక్క మారదు. అలాగే కారెట్ల గుర్తు తర్వాత 'జి', 'పి' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది బంగారు పూత అని పాళీయే ఒప్పుకుంటున్నట్టు.

ఇక్కడ చిన్న మినహాయింపు. చైనాలో తయారయ్యే జిన్‌హావ్ 159 లాంటి పెన్నులు ఆకారంలో మోంట్‌బ్లాంక్‌ను చాలా దగ్గరగా పోలి ఉంటాయి, కానీ వాటి మీద సొంత పేరే ఉంటుంది. అవి అనుకరణలే గాని నకిలీలు కావు. మరొకరి పేరు చెక్కినప్పుడే పెన్ను నకిలీ అవుతుంది. ఈ తేడా గుర్తుంచుకోకపోతే నిజాయితీగా వెయ్యి రూపాయల లోపు సరుకు అమ్ముకునే దుకాణదారును మోసగాడనే ప్రమాదం ఉంది.

పాళీ మొనను కూడా దగ్గరగా చూడండి. బంగారం మెత్తన కాబట్టి రాసే చోట గట్టి లోహపు చుక్క ఒకటి అతికి, చీల్చి, సానపడతారు. చీలిక ఆ చుక్కను సరిగ్గా రెండు సమాన భాగాలు చేయాలి, పైనున్న రంధ్రం నడుమ నుంచి మొదలవాలి. ఒక రెక్క లావుగా, మరొకటి సన్నగా ఉంటే అది మంచి వర్క్‌షాపు నుంచి వచ్చిన పని కాదు. అయితే కింద పడి దెబ్బతిన్న అసలు పాళీ మొన కూడా వంకరగా ఉండవచ్చు. అందుచేత మొనను అనుమానానికి వాడండి, తీర్పుకు వాడకండి.

7.5 మూత, క్లిప్పు

మైస్టర్‌ష్టూక్ క్లిప్పు నీటి బొట్టును సాగదీసినట్టు ఉంటుంది. పక్క అంచులు మెలికలు లేకుండా ఒకే ఒరవడిలో దిగి, కొస గుండ్రంగా ముగుస్తుంది. నకిలీ క్లిప్పుల్లో ఆ ఒరవడి మధ్యలో తెగుతుంది. కొంత దూరం తిన్నగా వచ్చి, కొస దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. కారణం తెలిస్తే చూపు తేలికవుతుంది. పల్చని రేకును కత్తిరించి వంచితే అంచులు పదునుగా, వెనక వైపు గుల్లగా వస్తాయి. దళసరి లోహాన్ని ఆకారానికి తెచ్చి పాలిష్ పడితే అంచులు ఒరిసిపోయి మెత్తగా ఉంటాయి. పక్క నుంచి తీసిన ఫొటోలో క్లిప్పు మందం కనబడుతుంది కాబట్టి ఆ కోణం తప్పక అడగాలి.

కంటికి తోచినదాన్ని అంకెగా మార్చుకుంటే వాదనకు నిలుస్తుంది. ఫొటోను పెద్దది చేసి, స్కేలుతో క్లిప్పు పొడవు, దాని అత్యధిక వెడల్పు కొలవండి. వెడల్పును పొడవుతో భాగించండి. అసలు పెన్ను ఫొటోకూ ఇదే చేయండి. ఫొటోలు చిన్నవైనా పెద్దవైనా ఈ నిష్పత్తి మారదు, అదే దీని సౌలభ్యం. కెమెరా వాలితే మాత్రం మారుతుంది, నాణెం పెట్టమన్నది అందుకే.

ఉంగరం మీది వరుస సంఖ్యను చూసి నమ్మకం తెచ్చుకోకండి. నకిలీలు చేసేవారు ఒక అసలు పెన్ను సంఖ్యను తీసుకుని వందల పెన్నుల మీద అదే వేస్తారు. సంఖ్య ఉందా లేదా అన్నదాని కంటే, అంకెల గీతలు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. మూత మీది మూడు పట్టీల్లో నడిమి వెడల్పు పట్టీ మీద కంపెనీ పేరు, వరుస పేరు ఉంటాయి. జర్మన్ భాషలో 'మైస్టర్‌ష్టూక్' అనే మాటలోని 'యు' అక్షరం మీద రెండు చుక్కలు ఉండాలి. చుక్కలు లేకపోవడం, రెండూ కలిసి ఒక గీతగా మారడం నకిలీల్లో కనబడే లోపం.

7.6 బాడీ మెరుగు

బాడీ నల్లటి రెజిన్‌తో చేసింది. దాని మెరుగును తెలుసుకోవడానికి అందులో కనబడే కిటికీ నీడను చూడాలి. కిటికీ చువ్వల ప్రతిబింబం బాడీ పొడవునా తిన్నటి గీతలుగా పడితే ఉపరితలం సమంగా ఉన్నట్టు. ఆ గీతలు నీటిలో చూసినట్టు వణికితే, మూసలోంచి తీసిన ప్లాస్టిక్‌ను సరిగా సానపట్టలేదన్నమాట. మూస రెండు సగాలు కలిసిన చోట సన్నని అతుకు గీత కూడా మిగిలిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే పెన్నును కొద్దికొద్దిగా దొర్లిస్తూ నాలుగు ఫొటోలు తీయించాలి. అతుకు ఎప్పుడూ కెమెరాకు అవతలి వైపే ఉంటుంది!

మూత పైభాగాన ఉండే తెల్లని గుర్తును చాలామంది నక్షత్రం అంటారు. అది మంచు కప్పిన శిఖరం. దాని ఆరు కొసలూ గుండ్రంగా ఉండాలి, మూత ఉపరితలంతో కలిసిపోయి ఉండాలి. కొసలు సూదిగా ఉన్నా, తెలుపు అంచులు నలుపులోకి చెదిరినా అనుమానించండి.

అయితే ఈ విభాగంలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం మెరుగులో లేదు, ఇందాక చెప్పుకున్న ఇంకు కిటికీలో ఉంది. నకిలీ 146ల్లో ఎక్కువ భాగం లోపల గొట్టం లాంటి కన్వర్టరుతో పనిచేస్తాయి, ఎందుకంటే పిస్టన్ చేయడం ఖర్చుతో కూడిన పని. కన్వర్టరు ఉన్న పెన్నులో బాడీకి కిటికీ అక్కరలేదు. మూత తీసిన ఫొటోలో పట్టుకునే భాగం పైన నల్లగా మూసుకుపోయి ఉంటే, అది 146 కాదు. కొందరు నకిలీదారులు ఇది గ్రహించి ఉత్తుత్తి కిటికీ పెడుతున్నారు. వెనక నుంచి టార్చి వేసి తీయిస్తే నిజమైన కిటికీలో వెలుగు ఇటునుంచి అటు పారుతుంది.

టార్చి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బలమైన వెలుగులో ఈ రెజిన్ ముదురు ఎరుపుగా కనబడుతుందని, అదే తిరుగులేని పరీక్ష అని మీరు విని ఉంటారు. ఎరుపు కనబడడం నిజమే. కానీ ఫోన్ కెమెరా చీకటి గదిలో రంగులను తనకు తోచినట్టు సర్దుతుంది, పైగా ఎరుపు జాడ ఉన్న ప్లాస్టిక్ నకిలీలకూ దొరుకుతుంది. ఫొటోలో దీనికి పెద్దగా విలువ ఇవ్వకూడదు.

7.7 ఒక ఉదాహరణ

ఇప్పుడు ఊహించిన ఒక ఉదంతాన్ని వరుసగా చూద్దాం. గుంటూరు బ్రాడీపేటలో, నాలుగో లైనులోని ఒక ఇంటి పెద్దావిడ తన భర్త వాడిన పెన్ను అమ్మదలచారు. ఆయన పొగాకు ఎగుమతుల వ్యాపారంలో పనిచేశారు. 1986లో విదేశీ కొనుగోలుదారు ఒకరు బహుమతిగా ఇచ్చారట. ఆవిడ పెన్నును ఒక దుకాణంలో చూపించగా, దుకాణదారు చూసి "ఇది డూప్లికేటమ్మా, క్లిప్పు మీద నంబరు లేదు, వెనకాల పిక్స్ లేదు, మూడొందలిస్తాను" అన్నాడు. ఆవిడ మనవడు ఫొటోలు తీసి మీకు పంపి, "పిన్నిగారూ, అమ్మమ్మ రేపే ఇచ్చేద్దామంటోంది. మీరొకసారి చూసి చెప్పండి" అన్నాడు. ఆవిడ రేపు మూడు వందలకు ఇచ్చేయాలా, ఆగాలా అన్నది మీరు చెప్పే మాట మీద ఆధారపడి ఉంది.

ముందుగా దుకాణదారు మాటను తూచండి. వరుస సంఖ్య 1990 ప్రాంతంలో, 'పిక్స్' ఆ దశాబ్దంలో వచ్చినవని 7.2లో చూశాం. 1986 నాటి పెన్ను మీద అవి ఉండకపోవడమే సహజం. ఉంటేనే అనుమానించాలి. ఆయన కొత్త పెన్నుల పట్టికతో పాత పెన్నును కొలిచాడు. చెడ్డ ఉద్దేశం ఉందని అనుకోనక్కరలేదు. ఇప్పటి సరుకులో ఆ గుర్తులు లేనిది నకిలీయే కావడంతో ఆయనకు అలవాటైన చూపు అది.

అయితే దుకాణదారు కారణం తప్పయినంత మాత్రాన పెన్ను మంచిదైపోదు. పాళీ చూడండి. 14 కారెట్లు, 585, లెక్క కుదిరింది. రెండు ఫొటోల్లో చెక్కుడు నీడలు పక్కలు మారాయి, కాబట్టి గీతలకు లోతు ఉంది. పసుపు, తెలుపు సరిహద్దు గీత వెంటే నడిచింది, ఒకచోట మాత్రం తెలుపు చెరిగింది. ఆ చోటు ఇంకు బుడ్డీలో ముంచి, గుడ్డతో తుడిచేటప్పుడు ఒరుసుకునే అంచు. ఏళ్ల తరబడి వాడిన పాళీకి అక్కడ అరుగుదల ఉండడం సబబే. అక్కడ కాక ఎక్కడో లోపలి మూలన చెరిగి ఉంటే ప్రశ్నించవలసి వచ్చేది.

ఉంగరం మీద 'డబ్ల్యు' అక్షరం, జర్మనీ పేరు ఉన్నాయి. 1986 అన్న మాటతో ఇది పొసగుతుంది. నడిమి పట్టీలో 'యు' మీద చుక్కలు రెండూ విడివిడిగా ఉన్నాయి.

క్లిప్పు దగ్గర చిక్కు వచ్చింది. పెద్దది చేసిన ఫొటోలో పొడవు 66 మిల్లీమీటర్లు, వెడల్పు 9. నిష్పత్తి 0.136. పోలికకు పెట్టుకున్న అదే కాలపు పెన్ను ఫొటోలో పొడవు 80, వెడల్పు 9.2, నిష్పత్తి 0.115. (ఈ కొలతలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీరు మీ ఫొటోలనే కొలుచుకోవాలి.) తేడా నూటికి పద్దెనిమిది పాళ్లు, చిన్నదేమీ కాదు. ఇక్కడ ఆగిపోతే ఆవిడ పెన్ను నకిలీల్లో చేరిపోయేదే.

నాణెం వైపు చూడండి. అది కోలగా ఉంది. పెన్ను పొడవు దిశలో 17 మిల్లీమీటర్లు, అడ్డంగా 20. గుండ్రని నాణెం పొడవు దిశలో 20లో 17వ వంతుకు కుదించుకుపోయింది, అంటే 0.85. క్లిప్పు పొడవు కూడా అంతే కుదించుకుపోయి ఉంటుంది. 66ను 0.85తో భాగిస్తే 77.6 వస్తుంది. 9ని 77.6తో భాగిస్తే 0.116. తేడా దాదాపు పోయింది. లెక్కతో సరిపెట్టుకోకుండా నాణెం గుండ్రంగా కనబడేలా మరో ఫొటో తీయమంటే, అందులో నిష్పత్తి 0.114 వచ్చింది. క్లిప్పు ఆకారం మీద ఇక అభ్యంతరం లేదు.

బాడీకి వస్తే ఇంకు కిటికీ ఉంది, టార్చి వెలుగు అందులోంచి పారింది. ప్రతిబింబాలు తిన్నగా ఉన్నాయి. బాడీ మీద సన్నని గీతలు చాలా ఉన్నాయి, అవి జేబులో తిరిగిన గుర్తులు.

మనవడికి మీరు రాయవలసిన జవాబు ఇలా ఉండాలి: "ఫొటోల్లో ఈ పెన్ను 146 కాదనడానికి ఏమీ కనబడలేదు. 1986 నాటిదన్న మాటకు పాళీ, క్లిప్పు, బాడీ మూడూ అడ్డు రావడం లేదు. అమ్మే ముందు వెనక గుబ్బ నెమ్మదిగా తిప్పి పిస్టన్ కదులుతోందో లేదో చూడండి, బిగుసుకుని ఉంటే బలవంతం చేయకండి. కంపెనీ సేవా కేంద్రానికి పంపి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. అప్పటిదాకా అమ్మమ్మగారిని మూడు వందలకు ఇవ్వవద్దని చెప్పండి." ఇందులో 'అసలుదే' అన్న మాట లేదు గమనించండి. ఎవరైనా మంచి అసలు పాళీని, మూతను తెచ్చి వేరే బాడీకి తగిలించి ఉంటే, బాగా చేసిన ఆ కూర్పు ఫొటోలకు దొరక్కపోవచ్చు.

7.8 ఈ పద్ధతి పనికిరాని చోటు

అచ్చులతో, మూసలతో ఒకే తీరుగా తయారయ్యే వస్తువులకే ఈ పోలిక నిలుస్తుంది. మన రాజమండ్రి రత్నం పెన్ను సంగతి వేరు. 1932లో కె.వి. రత్నంగారు స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో మొదలుపెట్టిన ఈ పెన్ను ఎబొనైట్ కడ్డీని లేతు మీద పట్టి, చేత్తో మెరుగుపెట్టి చేసేది. 1935లో గాంధీగారు దాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. చేతిపని కాబట్టి ఒకే నమూనాలో రెండు పెన్నుల లావు ఒకేలా ఉండాలని లేదు. క్లిప్పు నిష్పత్తి కలవలేదని అలాంటి పెన్నును కాదంటే అది పద్ధతిని తప్పుగా వాడడమే. అక్కడ పెన్ను ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, తయారీదారులే చూసి ఏమంటారో అన్నదే ఆధారం.

ప్రత్యేక సంచికలతోనూ జాగ్రత్త. 2009లో మోంట్‌బ్లాంక్ గాంధీ పేరుతో ఒక ఖరీదైన పెన్ను తెచ్చింది. దండి యాత్ర 241 మైళ్లకు గుర్తుగా 241 పెన్నులు మాత్రమే చేసి, పాళీ మీద కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ బొమ్మ చెక్కింది. నిరాడంబరంగా బతికిన మనిషి పేరుతో లక్షల రూపాయల పెన్నేమిటని కేరళ హైకోర్టులో వ్యాజ్యం పడడంతో 2010లో మన దేశంలో అమ్మకం ఆపారు. అలాంటి పాళీని మామూలు 146 పాళీ ఫొటోతో పోల్చి లాభం లేదు. ఆ సంచిక ఫొటోతోనే పోల్చాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక 146 పెన్ను ఫొటోల్లో పాళీ మీద 18 కారెట్లు, 750 ఉన్నాయి. చెక్కుడుకు లోతు ఉంది. ఉంగరం మీద 'డబ్ల్యు' అక్షరం, క్లిప్పు వెనక 'పిక్స్' ఉన్నాయి. ఇంకు కిటికీ ఉంది. అమ్మే వ్యక్తి 1984లో కొన్నానంటున్నాడు. ఏ రెండు విషయాలు పొసగడం లేదు? ఇది నకిలీ అనే జవాబు కాకుండా మరొక వివరణ ఏది సాధ్యం? దాన్ని తేల్చడానికి ఇంకా ఏ ఫొటో అడుగుతారు?

2. క్లిప్పు పొడవు 72, వెడల్పు 9 మిల్లీమీటర్లు. పక్కనున్న నాణెం పెన్ను పొడవు దిశలో 18, అడ్డంగా 20. సరిచేసిన నిష్పత్తి ఎంత? నాణెం అడ్డంగా కుదించుకుపోయి, పొడవు దిశలో సరిగా ఉంటే లెక్క ఎలా మారుతుంది?